సింగపూర్ చైనా వాళ్ల పెళ్లికి ఏ రంగు పెట్టాలి, చావింటికి ఏ రంగుతో పోవాలి

ప్రశ్న: మాది నర్సంపేట. మా అన్న సింగపూర్‌లో పనిచేస్తడు. వాళ్ల మేనేజర్ చైనా ఆయన, కొడుకు పెళ్లికి పిలిచిండు. అమ్మా నేనూ పోతున్నం. పెండ్లికూతురికి ఎర్ర అంచు తెల్ల పట్టుచీర, పెండ్లికొడుకుకు తువ్వాల, కవర్లో 101 డాలర్లు, చేతిలో పసుపు చామంతుల బొకే అని అమ్మ లిస్టు రాసింది. తెలుపు అసలే వద్దని అన్న అంటున్నడు. ఏ రంగు తీసుకుపోవాలె? అక్కడ ఎవరన్నా చనిపోతే ఏ రంగు కట్టుకోవాలె?

జవాబు:

తమ్ముడూ, మీ అన్న చెప్పింది నిజమే. అయితే అమ్మ రాసిన లిస్టులో చీర కంటే పెద్ద ఇబ్బంది మిగతా మూడింటితో ఉంది. తువ్వాల, 101, పసుపు చామంతులు. మన దగ్గర ఈ మూడూ శుభానికే. వాళ్ల దగ్గర మూడూ చావింటి వాసన వేసేవే. చీరనైనా కాస్త మార్చి సర్దుకోవచ్చు గానీ వీటిని ఇంట్లో పెట్టి వెళ్లాల్సిందే.

హన్మకొండ చౌరస్తాలోని ఒక బట్టల దుకాణంలో నేను 29 ఏళ్లుగా ఉన్నాను. పెళ్లి బట్టలూ, దినాలకు పెట్టే బట్టలూ ఒకే కౌంటర్ మీద పరుస్తాం. మా అమ్మాయి సింగపూర్‌లో ఉంటుంది. అక్కడికి నాలుగైదుసార్లు వెళ్లి, నెలల తరబడి ఉండి వచ్చాను. మొదటిసారి వెళ్లినప్పుడు మీ అమ్మగారు అనుకుంటున్న పనే నేను చేశాను కాబట్టి ముందు అది చెప్తాను.

మా అమ్మాయి ఉండే అంతస్తులోనే ఒక చైనీస్ కుటుంబం ఉండేది. వాళ్లబ్బాయి పెళ్లి విందుకు మమ్మల్నీ పిలిచారు. నేను ఒక పొడుగాటి తెల్ల కవర్ తీసుకుని, దాని మూలకు పసుపు బొట్టు పెట్టి, రెండు 50 డాలర్ల నోట్లు, ఒక డాలరు బిళ్ల వేసి అతికించాను. హోటల్ హాలు ముందు ఒక బల్ల, దాని మీద అతిథులు సంతకాలు పెట్టే పుస్తకం, పక్కన ఎర్ర పెట్టె. ఆ పెట్టెలో అన్నీ ఎర్ర కవర్లే. నా కవర్ చూడగానే బల్ల వెనక కూర్చున్న అమ్మాయి ముఖంలో నవ్వు ఒక్క క్షణం ఆగింది. కవర్‌ను వేళ్లతో తడిమితే బిళ్ల తగిలింది. ఆ పిల్ల ఒక్క మాట కూడా అనలేదు. తన సంచిలోంచి ఒక ఎర్ర కవర్ తీసి, నా నోట్లు రెండూ అందులో పెట్టి, నా పేరు అడిగి దాని మీద రాసి పెట్టెలో వేసింది. తెల్ల కవర్‌నూ, ఆ డాలరు బిళ్లనూ రెండు చేతులతో నాకు తిరిగి ఇచ్చింది. "థ్యాంక్యూ అంకుల్" అంది. నేను చేసిందేమిటో నాకు ఆ రాత్రి మా అమ్మాయి చెప్పేదాకా తెలియలేదు. పెళ్లి పందిట్లో నిలబడి నేను చావు కట్నం చదివించాను.

వాళ్ల భాషలోనే ఆ సంగతి ఉంది. పెళ్లిని "ఎర్ర పని" అంటారు, చావును "తెల్ల పని" అంటారు. పూర్వం అక్కడ తల్లిదండ్రులు పోతే బిడ్డలు చలవ చేయని ముతక జనపనార బట్ట కట్టుకునేవారు. వాళ్ల పంచభూతాల లెక్కలో తెలుపు లోహానికి, పడమటి దిక్కుకు, ఆకులు రాలే కాలానికి గుర్తు. ఎరుపు నిప్పుకు, దక్షిణానికి, ఎండాకాలానికి. చావింటికి ఇచ్చే డబ్బు తెల్ల కవర్లో పోతుంది, సింగపూర్‌లో దాన్ని "పెక్ కిమ్" అంటారు. పెళ్లికి, కొత్త సంవత్సరానికి ఇచ్చేది ఎర్ర కవర్లో, దాని పేరు "అంగ్ పౌ". కవర్ రంగు చూడగానే, లోపల ఎంతుందో తెలియకముందే మీరు ఏ ఇంటికి వచ్చారో తేలిపోతుంది.

ఇక్కడ మీ అమ్మగారు ఒక మాట అడుగుతారు. మన దగ్గర మాత్రం తెలుపు చావుకు కాదా, మరి పెళ్లిలో మధుపర్కాలు తెల్లగానే ఉంటాయి కదా అని. ఆ ప్రశ్న సరైనదే, మా కౌంటర్ మీద రోజూ కనిపించేది అదే. మధుపర్కం తెల్ల నూలు బట్టే. కానీ దానికి ఎర్రంచు ఉంటుంది, నాలుగు మూలలా పసుపు అంటిస్తాం. చనిపోయిన మనిషి మీద కప్పేది కోరా బట్ట. దానికి అంచు ఉండదు, పసుపు పెట్టరు, చలవ కూడా చేయరు. రెండూ తెలుపే. ఒకదాన్ని ఇంకోటని ఎవరూ పొరబడరు, ఎందుకంటే మనం చూసేది తెలుపును కాదు, దాని పక్కన ఏముందో చూస్తాం. బతుకమ్మకు గునుగు పూలు తెచ్చినప్పుడు కూడా ఇంతే. గునుగు పుట్టుకతో తెల్లదే, కట్టలు కట్టి రంగు నీళ్లలో ముంచి, తంగేడు పసుపు పక్కన పేరిస్తేనే పండుగ కళ వస్తుంది.

వాళ్ల దగ్గర కూడా పక్కనున్నదాన్ని చూస్తారు, కానీ ఆ పక్కది వేరు. పసుపు బొట్టు వాళ్లకేమీ చెప్పదు. నేను మూలకు పెట్టిన బొట్టు ఆ అమ్మాయికి కవర్ మీద పడ్డ మరకలాగా కనిపించి ఉంటుంది. తెల్ల చీరకున్న ఎర్రంచు మనకు పెళ్లి గుర్తు. చైనా ఇంటి ముసలావిడకు కనిపించేది మడత మీదుండే తెలుపే, అంచు తర్వాత. అందుకే తెల్ల పట్టుచీర వద్దంటున్నాను. పైగా ఆ అమ్మాయి చీర కట్టే అవకాశం కూడా తక్కువ, బీరువాలో పడుంటుంది.

పెండ్లికూతురు తెల్ల గౌనులో కనిపిస్తే మాత్రం గాబరా పడకండి. విందులో గానీ, రిజిస్ట్రేషన్ దగ్గర గానీ చాలామంది అమ్మాయిలు తెల్ల గౌను వేస్తారు. పెద్దవాళ్లకు టీ ఇచ్చి దండం పెట్టే కార్యానికి ఎరుపులోకి మారతారు. ఆ తెల్ల గౌను యూరప్ నుంచి వచ్చింది. 1840లో విక్టోరియా రాణి తెల్ల గౌనులో పెళ్లి చేసుకున్నాక అది అక్కడ పాకిపోయింది. 1861లో భర్త పోయాక 1901లో తను పోయేదాకా ఆవిడ నల్ల బట్టలే కట్టింది. అంటే తెలుపు పెళ్లికి, నలుపు చావుకు అన్న యూరప్ అలవాటు మన ఫాతిమానగర్ చర్చిలో పెళ్లి చూసినవాళ్లకు సగమే కనిపిస్తుంది. మన క్రైస్తవ ఇళ్లల్లో పెండ్లికూతురిదీ తెల్ల చీరే, సమాధి కార్యక్రమానికి ఆడవాళ్లు కట్టేదీ తెల్ల చీరే. పెండ్లికూతురు తనకు నచ్చిన రంగు కట్టుకుంటుంది, అది ఆమె ఇష్టం. మీరిచ్చే కవర్ మాత్రం మీరు వాళ్లతో చెప్పే మాట. ఆమె తెలుపు కట్టింది కదా అని మనం తెలుపు ఇవ్వకూడదు.

ఇక 101 సంగతి. దీనికి మీ అమ్మగారు ఒప్పుకోరని నాకు తెలుసు, మా ఇంట్లోనూ ఒప్పుకోలేదు. మనకు సున్నాతో ఆగిపోతే అక్కడితో అయిపోయినట్టు, ఒకటి కలిపితే సంబంధం సాగుతున్నట్టు. 116 సంగతికి వస్తే మన పెద్దలు ఇంకో మాట కూడా చెప్తారు. నిజాం కాలంలో ఇక్కడి సర్కారు నాణెమైన హాలీ రూపాయలు 116, పైన 10 అణాల 8 పైలు ఇస్తే 100 ఇంగ్లీషు రూపాయలు వచ్చేవి, ఆ లెక్క నుంచే 116 చదివింపు వచ్చిందని. ఎక్కడి నుంచి వచ్చినా మనకది శుభం. సింగపూర్ చైనా వాళ్లకు శుభం జంటగా రావాలి, కష్టం ఒంటిగా వచ్చి ఒంటిగానే పోవాలి. అందుకని పెళ్లికి సరిసంఖ్య, చావుకు బేసిసంఖ్య. ఇంకా చెప్పాలంటే చావు కవర్లో 30కి ఒకటి కలిపి 31, 50కి ఒకటి కలిపి 51, అట్లా 71, 101 వేస్తారు. మనం పెళ్లికి వేసే లెక్క అచ్చంగా అదే. నా కవర్లోని బిళ్ల తగలగానే ఆ పిల్ల ముఖం మారింది అందుకే.

అమ్మను ఒప్పించడానికి ఒక మాట చెప్తాను, మా ఆవిడ దగ్గర ఇదే పనిచేసింది. తాంబూలంలో ఒంటి అరటిపండు పెడతామా? పెట్టం, జంట పెడతాం. వాళ్ల డబ్బు కూడా ఆ జంట అరటిపండ్లలాంటిదే. ఇంత చెప్తే చాలు, మళ్లీ అడగరు.

అంకెల్లో 4 రాకూడదు. వాళ్ల భాషలో నాలుగు అనే మాట, చావు అనే మాట దాదాపు ఒకేలా పలుకుతాయి. 8 మంచిది, ఎదుగుదల అనే మాటకు దగ్గరగా ఉంటుంది. అందుకే 128, 168, 188, 200 లాంటివి వేస్తారు. మరీ ఎంత అన్నది హోటల్ మీద ఉంటుంది. పిలిచినవాళ్లకు ఒక కుర్చీకి ఎంత పడుతుందో అంత అయినా రావాలన్నది అక్కడి లెక్క. మీరూ అమ్మా ఇద్దరు, అన్నతో కలిపి ముగ్గురు. ముగ్గురి తరఫున ఒకే కవర్ ఇవ్వాలనుకుంటే ఆ హోటల్లో ఒక మనిషి భోజనం ఎంతో అన్నను ఆఫీసులో అడిగి కనుక్కోమనండి. మూడింతలు చేసి, దగ్గరలో ఉన్న సరిసంఖ్యకు సర్దండి. ఉదాహరణకు మనిషికి 129 పడితే ముగ్గురికి 387 అవుతుంది. 400 అంటే 4తో మొదలవుతుంది కాబట్టి ఆ అంకె వదిలేసి 388 వేస్తే బాగుంటుంది. చేతిలో చిల్లర లేక ఇబ్బంది పడతారు, 2 డాలర్ల నోట్లు నాలుగు ముందే తీసి పెట్టుకోండి. బిళ్లలు వేయకండి. నోట్లు కొత్తవైతే మంచిది.

ఎర్ర కవర్ ఇక్కడి నుంచి తీసుకుపోనక్కర్లేదు, అక్కడ కొట్లలో దొరుకుతుంది. మన దగ్గర బిళ్ల అతికించిన రంగు కవర్లు వస్తాయి చూడండి, అవి తీసుకుపోవద్దు, ఆ బిళ్ల మళ్లీ బేసి చేస్తుంది. అన్న దగ్గర మిగిలిన ఊదా రంగు కవర్లు గానీ ఆకుపచ్చ కవర్లు గానీ ఉంటే వాటిలో కూడా వేయకండి. సింగపూర్‌లో ఊదా కవర్ దీపావళిది, ఆకుపచ్చది మలయ్ ముస్లింల రంజాన్ పండుగది. తప్పు కాదు గానీ వేరే పండుగ గుర్తు. కవర్ వెనక పేరు నల్ల సిరాతో గానీ బంగారు రంగుతో గానీ రాయండి. ఎర్ర సిరాతో ఎవరి పేరూ రాయకూడదు. మనం శుభలేఖ మొత్తం ఎరుపులో అచ్చు వేస్తాం, వాళ్లకు ఎర్ర సిరాతో ఉత్తరం రాస్తే తెగతెంపులు చేసుకున్నట్టు. కొరియా వాళ్లయితే బతికున్న మనిషి పేరు ఎర్రగా రాస్తే చావు కోరినట్టే తీసుకుంటారు. అదే కొరియా వాళ్లు పెళ్లి డబ్బును తెల్ల కవర్లో పెట్టి ఇస్తారు, అక్కడ తప్పు లేదు. కాబట్టి కళ్లూ ముఖమూ చూసి అందరూ ఒకటే అనుకోకుండా, మేనేజర్ కుటుంబం ఎక్కడిదో అన్నను అడగమనండి.

తువ్వాల సంగతి మనకు బాధ కలిగిస్తుంది. మన తెలంగాణ పెళ్లిలో వరసైన మగవాళ్లకు తువ్వాలలు పెట్టకపోతే మాట వస్తుంది. చైనా వాళ్ల చాలా ఇళ్లల్లో చావుకు వచ్చినవాళ్లకు ఇంటివాళ్లు తువ్వాలో చేతిరుమాలో ఇచ్చి పంపుతారు. కన్నీళ్లు తుడుచుకోమని, ఇక్కడితో తెగిందని. అందుకే పెళ్లికి రుమాలు, తువ్వాల ఏ రంగువైనా సరే ఇవ్వరు, అది ఎర్రదైనా కూడా. గడియారం కూడా అంతే. గడియారం బహుమతిగా ఇవ్వడం అనే మాట, చావు దగ్గర చివరి సేవ చేయడం అనే మాట ఒకేలా వినిపిస్తాయి. మా ఊరివాళ్లలో ఒకాయన వెళ్లేటప్పుడు గోడ గడియారం ప్యాక్ చేయిస్తానంటే మాన్పించాను.

చామంతులు కూడా వదిలేయండి. మన దగ్గర పసుపు చామంతి దండ లేకుండా గుమ్మం కట్టం. చైనాలో, జపాన్‌లో తెల్ల, పసుపు చామంతులు సమాధుల మీద పెట్టే పూలు. ఫ్రాన్స్‌లో కూడా నవంబర్ 1న సమాధుల దగ్గర చామంతి కుండీలే పెడతారు. మేనేజర్ ఇంటికి వెళ్లి పూలు ఇవ్వాలని ఉంటే ఎర్ర, గులాబీ రంగు గులాబీలు ఇవ్వండి, తెల్లటి పూలు ఏవీ వద్దు.

ఇప్పుడు ఏం తీసుకుపోవాలో చెప్తాను. వరంగల్ నుంచి వెళ్తున్నారు కాబట్టి కొత్తవాడ దర్రీ తీసుకోండి, మన పెద్దలు షత్రంజీ అనే నూలు నేత. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒక్కటి కాదు, జంట తీసుకోండి. ఒకే రంగు, ఒకే సైజు ఉండాలి. చైనా పెళ్లిలో ముందే మంచి ముహూర్తం చూసి కొత్త దంపతుల మంచం మీద ఎర్ర దుప్పట్లు పరుస్తారు, కాబట్టి ఇంట్లో పరిచే బట్ట ఎరుపులో ఇవ్వడం వాళ్లకు ఎంతో ఇష్టమైన పని. నేలది ముదురు ఎరుపు లేదా మెరూన్, గీతలు ఆవపిండి పసుపు లేదా బంగారు రంగు ఉన్నది ఎంచుకోండి. నలుపు తెలుపు గడులు చూడ్డానికి చాలా బాగుంటాయి, కొత్తవాడలో మీకు ముందు అవే చూపిస్తారు, ఈసారికి వాటిని పక్కన పెట్టించండి. నీలం తెలుపు కలిసిందీ వద్దు, చావింట్లో కనిపించే కలయిక అది.

దర్రీ కొనేటప్పుడు ఒక చిన్న పరీక్ష చేయండి. తెల్ల నూలు గుడ్డను తడిపి పిండి, ఎర్ర భాగం మీద గట్టిగా పది పదిహేను సార్లు రుద్దండి. గుడ్డకు ఎరుపు బాగా అంటితే ఆ దర్రీ తీసుకోకండి. ముదురు ఎరుపులో రంగు పోవడం మామూలే. మొదటి ఉతుకులో లేత గీతల్లోకి ఎరుపు పాకి గులాబీ మరకలైతే, ఎంత ప్రేమగా ఇచ్చినా మూలన పడేస్తారు. కాస్త మాత్రమే అంటితే పర్వాలేదు, విడిగా చల్లనీళ్లలో ఉతకమని చిన్న కాగితం పెట్టండి. ఆ కాగితం కూడా ఎర్ర సిరాతో రాయకండి.

చుట్టే కాగితం ఎరుపు లేదా బంగారు రంగు. రిబ్బను ఎర్రది లేదా బంగారుది, నల్లది తెల్లది వద్దు. షాపు వాళ్లు చుట్టిన తెల్ల పల్చటి కాగితాన్ని తీసేయించండి, పై కాగితం విప్పగానే ముందు కనిపించేది అదే. పసుపు బొట్టు పెట్టాలని అమ్మకు మనసైతే లోపలి మడతలో పెట్టమనండి. ఇవ్వడం రెండు చేతులతో. వాళ్లు మీ ముందు విప్పకపోవచ్చు, నచ్చలేదని అనుకోకండి, అది వాళ్ల మర్యాద.

అమ్మ కట్టుకునే చీర: నిండు ఎరుపు పెండ్లికూతురిది, దాన్ని ఆమెకే వదిలేయాలి. తెలుపు, నలుపు వద్దు. నెమలి రంగు, గులాబీ, నారింజ, జరీ ఉన్న ఆకుపచ్చ ఏదైనా బాగుంటుంది. మీరు మాత్రం ఆకుపచ్చ టోపీ పెట్టుకోకండి, ఇవ్వకండి. భార్య మోసం చేసినవాణ్ని వాళ్లు ఆ మాటతో అంటారు. టోపీకి తప్ప ఆకుపచ్చకు ఏ దోషమూ లేదు.

ఇక రెండో ప్రశ్న. సింగపూర్‌లో ప్రభుత్వ ఫ్లాట్ల కింద ఖాళీ స్థలంలో పందిరి వేసి, మూడు రోజులు, ఐదు రోజులు లేదా ఏడు రోజులు శవాన్ని ఉంచుతారు. ఎప్పుడైనా వెళ్లి పలకరించవచ్చు. తెలుపు, నలుపు, ముదురు నీలం, బూడిద రంగు ఏదైనా మెరుపు లేకుండా కట్టుకోండి. ఎరుపు, గులాబీ, నారింజ, బంగారు రంగు అసలు వద్దు. అమ్మకు ఎర్ర బొట్టు, ఎర్ర గాజులు ఉంటాయి. బొట్టు తీయమని ఎవరూ అడగరు, అది మన పద్ధతి అని వాళ్లకు తెలుసు. గాజులు మాత్రం ముదురు రంగువి వేసుకుంటే సరిపోతుంది. తెల్ల కవర్లో బేసిసంఖ్య, అంటే 31, 51. ఇక్కడ మీ 101 కూడా సరిగ్గా సరిపోతుంది. మీ పేరు రాయాలి, ఎందుకంటే ఇంటివాళ్లు ఎవరెంత ఇచ్చారో రాసుకుని, తర్వాత మీ ఇంట్లో కష్టం వచ్చినప్పుడు తిరిగి ఇస్తారు. మనం కట్నాలు రాసుకున్నట్టే.

వచ్చేటప్పుడు వాళ్లు ఒక ఎర్ర దారం ముక్క, చాక్లెట్ చేతిలో పెడతారు. చావింట్లో ఎరుపు ఏమిటని వెనక్కి ఇవ్వకండి. తెలుపు మధ్య నుంచి మిమ్మల్ని ఎరుపుతో బయటికి పంపుతున్నారు, చెడు మీ వెంట రాకూడదని. తీసుకుని, చాక్లెట్ తినేసి, దారాన్ని ఇంట్లోకి తేకుండా దారిలో వదిలేస్తారు. చాలామంది ఇంటికొచ్చి పూలు వేసిన నీళ్లతో చేతులూ ముఖమూ కడుక్కుంటారు. మనం చావింటి నుంచి వస్తే తలమీద నీళ్లు పోసుకుని లోపలికి వస్తాం కదా, దాంతో పోల్చి అమ్మకు చెప్పండి. చనిపోయినవాళ్లు 80 దాటి నిండుగా బతికిన మనిషైతే, కొన్ని ఇళ్లల్లో వచ్చినవాళ్లకు ఎర్ర రంగు గిన్నెలు పంచుతారు. ఆయుష్షు పంచుకున్నట్టు. అది చూసి పెళ్లేమో అని తికమక పడకండి, మీరు మాత్రం ఎరుపు కట్టి పోకండి.

మీ అన్న ఆఫీసులో మలయ్ ముస్లింలు కూడా ఉంటారు. వాళ్లింట్లో పోతే పద్ధతి మన వరంగల్ ముస్లింల ఇళ్లల్లో మీరు చూసినదే. కఫన్ తెల్లది, మగవాళ్లకు మూడు గుడ్డలు, ఆడవాళ్లకు ఐదు. ఖననం తొందరగా జరుగుతుంది కాబట్టి కబురు రాగానే వెళ్లాలి. నలుపు కట్టాలన్న నియమం లేదు, ఒళ్లు కప్పే సాదా బట్టలు, అమ్మకు తలమీద కొంగు ఉంటే చాలు. అక్కడ తెల్ల కవర్ ఎవరినీ నొప్పించదు.

మీరడగలేదు గానీ, మన దగ్గర దినాలకు బట్టలు కొనేవాళ్లు ఇప్పుడు కౌంటర్ దగ్గర చాలా తికమక పడుతున్నారు, కాబట్టి ఒక మాట. నల్ల రంగు శుభకార్యాలకు ఎందుకు పెట్టమంటే, శనికి శాంతి చేసినప్పుడు నల్ల నువ్వులు, ఇనుముతో పాటు నల్ల బట్ట దానం ఇస్తాం. నల్ల చీర పెడితే పెద్దవాళ్లకు తమ దోషం మనమీద దింపుతున్నారా అనిపిస్తుంది. పిల్లలకు పెట్టే దిష్టి చుక్క, నల్లపూసలు, అయ్యప్ప మాల వేసినవాళ్ల నల్ల బట్టలు ఇవన్నీ మంచివే, ఎందుకంటే వాటిని ఎవరికి వాళ్లే వేసుకుంటారు, బహుమతిగా రావు. భర్త పోయిన ఆడకూతురికి పుట్టింటివాళ్లు పెట్టే చీర సంగతి ఇంకా సున్నితమైనది. వెనకట కొన్ని కులాల్లో తెల్ల చీరే పెట్టేవారు. ఇప్పుడు మా దగ్గర ఎక్కువమంది లేత నీలం, లేత ఆకుపచ్చ, చిన్న పూలున్నవి తీసుకుంటున్నారు, నేనూ అవే చూపిస్తాను. 30 ఏళ్ల పిల్లకు తెల్ల చీర మడత విప్పి చూపించడం నాకు చేతకాదు. ఆ ఇంటి పెద్దావిడ ఒకరిని అడిగి కొనండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను, ఆ చీరకు తెల్లంచు అయినా పర్వాలేదు, ఎర్రంచు మాత్రం ఆ రోజు వద్దు. పసుపు కుంకుమలను గుర్తుచేసి ఏడిపిస్తుంది.

మేనేజర్ కుటుంబం క్రైస్తవులైతే, కొత్త జంట ఇద్దరూ అక్కడే పుట్టి పెరిగిన కుర్రవాళ్లైతే వీటిలో సగం పట్టించుకోకపోవచ్చు. కానీ విందులో మీ పక్క బల్ల దగ్గర ఆ అబ్బాయి నానమ్మ కూర్చుని ఉంటుంది, పట్టించుకునేది ఆవిడ. ఎర్ర కవర్, సరిసంఖ్య, జంట దర్రీ ఎవరినీ నొప్పించవు. ఏదైనా తప్పు జరిగితే వాళ్లు చెప్పరు, నాకు చెప్పనట్టే. కవర్‌ను పెట్టెలో వేయకుండా పక్కన పెట్టడం, మీ చేతిలో ఒక చిల్లర బిళ్ల పెట్టడం లాంటివి కనిపిస్తే అర్థం చేసుకోండి. గడియారం లాంటిది ఇచ్చినప్పుడు అది బహుమతి కాదు, కొన్నట్టు అనిపించడానికి వాళ్లు బిళ్ల ఇస్తారు. అప్పుడు ఆ బిళ్ల వద్దనకుండా తీసుకోండి.

పెట్టె సర్దాక ఒకసారి తెరిచి చూడండి. మా ఇంట్లో నేను వద్దన్నా మా ఆవిడ దర్రీ మడతలో ఒక తువ్వాల పెట్టింది, శంషాబాద్ వెళ్లే దారిలో కారు ఆపి తీయాల్సి వచ్చింది.